గల్ఫ్ ఏజెన్సీ ఎక్కువ వసూలు చేసిన డబ్బు వాపసు అడిగే లేఖ: జర చూసి దిద్దండి

జగిత్యాల_తమ్ముడు

మా అన్న 2024 డిసెంబరుల దమ్మాం పోయిండు. స్కాఫోల్డింగ్ హెల్పర్ పని, రెండేండ్ల కాంట్రాక్టు, నెలకు 1,200 రియాళ్లు. హైదరాబాద్‌ల లైసెన్సు ఉన్న ఏజెన్సే పంపింది. మొత్తం లక్షా ఇరవై వేలు తీసుకున్నరు. చేతికిచ్చిన రసీదు మాత్రం 35,400కే ఉన్నది. అన్న ఇంకా అక్కడ్నే పని చేస్తున్నడు. ఏజెన్సీకి పంపుదామని ఈ లేఖ రాసిన. ఎట్ల ఉన్నదో చెప్పండి.

> ఏజెన్సీ మేనేజరు గారికి,
> మీరు మా అన్నను మోసం చేసి లక్షా ఇరవై వేలు దోచుకున్నారు. గవర్నమెంటు రేటు ముప్పై వేలే అని ఇప్పుడు తెలిసింది. అప్పు చేసి, బంగారం కుదువ పెట్టి కట్టినం. అక్కడ కంపెనీ ఓవర్‌టైం కూడా ఇస్తలేదు, రూములో పదిమందిని పెట్టినరు. మా లక్షా ఇరవై వేలు వారం రోజులలో ఇవ్వకపోతే మీ లైసెన్సు రద్దు చేయిస్తం, టీవీలకు, యూట్యూబ్ చానళ్లకు ఎక్కిస్తం, పోలీసు కేసు పెడతం. మంచి మాటతో చెప్తున్నం.
> ఇట్లు, (నా పేరు)

నిజామాబాద్_రవి

లేఖ బాగనే ఉన్నది, గట్టిగా ఉన్నది. గట్ల రాస్తెనే భయపడ్తరు. ఇంకో ముచ్చట యాదికి పెట్టుకో. సౌదీ కార్మిక చట్టం ప్రకారం రిక్రూట్‌మెంట్ ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలె, కార్మికుని తాన రూపాయి తీసుకోవద్దు. 40వ ఆర్టికల్ల ఉన్నది. ఆ ముప్పై వేలు గూడ ఎందుకు వదిలిపెట్టాలె? లక్షా ఇరవై వేలు మొత్తం అడుగు.

కాగితాల_మూర్తి

రవి గారు చెప్పిన 40వ ఆర్టికల్ నిజమే. కానీ అది సౌదీలో ఉన్న యజమానిని కట్టేసే నిబంధన. ఈ లేఖ వెళ్తున్నది హైదరాబాద్ ఏజెన్సీకి. ఇక్కడి ఏజెన్సీకి వర్తించేవి 1983 ఎమిగ్రేషన్ చట్టం, దాని కింద వచ్చిన ఎమిగ్రేషన్ రూల్స్. ఆ రూల్స్‌లో 25వ రూలు ప్రకారం ఏజెంటు సర్వీసు చార్జీగా 30,000 వరకు తీసుకోవచ్చు, పైన 18 శాతం జీఎస్టీ. అంటే 35,400. మీకిచ్చిన రసీదు సరిగ్గా అంతకే ఉండటం కాకతాళీయం కాదు. వాళ్లకు పరిమితి తెలుసు, రసీదు దానికి తగ్గట్టే రాశారు.

మొత్తం అడిగితే వచ్చే నష్టం ఏమిటంటే, వాళ్ల లాయరు ఒక్క లైనులో జవాబు రాసేస్తాడు: "చట్టం అనుమతించిన సర్వీసు చార్జీ వాపసు ఇవ్వనవసరం లేదు." దాంతో అసలు ప్రశ్న పక్కకు పోతుంది. చట్టం ఇచ్చింది వాళ్లకు వదిలేసి మిగతాది అడిగితే వాదించడానికి వాళ్లకు చోటు తగ్గుతుంది.

తమ్ముడూ, లేఖను పక్కన పెట్టి ముందు మూడు సంగతులు చెప్పు. లక్షా ఇరవై వేలు ఎన్ని విడతల్లో, ఏ తేదీన, ఎవరి చేతికి, ఏ రూపంలో వెళ్లాయి? కాంట్రాక్టులో టికెట్టు, వీసా ఎవరి ఖర్చని రాసి ఉంది? వెళ్లే ముందు అన్న చేత ఏదైనా కాగితం మీద సంతకం పెట్టించారా, వీడియో తీశారా?

జగిత్యాల_తమ్ముడు

మూర్తి సార్, మూడు విడతలు.

అక్టోబరు 18న 20,000. మా మండలంల ఉండే సబ్ ఏజెంటుకు ఫోన్‌పే చేసినం. నవంబరు 22న 60,000. ఇది అన్న బ్యాంకు ఖాతా నుంచి ఏజెన్సీ కరెంటు ఖాతాకు నెఫ్ట్. డిసెంబరు 14న 40,000 నగదు, హైదరాబాద్ ఆఫీసుల. అప్పుడే పాస్‌పోర్టు, టికెట్టు, ఆ 35,400 రసీదు ఇచ్చిన్రు. తెల్లారి ఫ్లైటు.

కాంట్రాక్టుల టికెట్టు, వీసా కంపెనీవే అని ఉన్నది. మెడికల్ పైసలు మేమే సెంటర్ల కట్టినం, అవి ఈ లెక్కల లేవు. ఇగ వీడియో సంగతి: ఆఫీసుల ఫోన్ పట్టుకొని "నేను ముప్పై వేలే కట్టిన, ఇంకేం ఇయ్యలే" అని అనిపించిన్రట. అన్న ఇప్పుడు చెప్తున్నడు.

సీమ_రాజు

నాదీ ఇట్లాంటిదే సామీ. మా బావమరిదిని దుబాయికి విజిట్ వీసా మీద పంపినాడు రాయచోటి ఏజెంటు ఒకడు. అక్కడికి పోయినాంక పని వీసాకు మార్పిస్తామన్నాడు, మార్పియ్యలేదు. వాడికి లైసెన్సు గీసెన్సు ఏమీ లేదు. తొంభై వేలు ఇచ్చినాం. మేమూ ఈ లేఖే రాయొచ్చా? ముప్పై వేలు పోను అరవై అడగాల్నా?

కాగితాల_మూర్తి

రాజు గారూ, మీది వేరే దారి. 35,400 తగ్గించుకునే హక్కు రిజిస్టరైన ఏజెంటుకే ఉంది. రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని విదేశీ పనికి పంపడమే చట్టం 10వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. కాబట్టి "ఎక్కువ తీసుకున్నారు" అని రాయకండి. రాస్తే కొంత తీసుకోవడం సబబేనని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. మీరు అడగాల్సింది తొంభై వేలూ. మీకు లేఖ కంటే ముందు పోలీసు ఫిర్యాదు, విదేశీ పనికి వెళ్లేవాళ్ల రక్షణ చూసే ప్రభుత్వ ఆఫీసు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్‌లో ఫిర్యాదు కావాలి. విడిగా ఇంకో పోస్టు పెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం. ఇక్కడ కలిస్తే ఈ తమ్ముడి లేఖ చెడిపోతుంది.

ఖాతాల_బాబు

ఏజెన్సీ లోపల ఇలాంటి లేఖ వస్తే ఏం జరుగుతుందో చెప్తాను. రిక్రూట్‌మెంట్ ఆఫీసుల అకౌంట్లు చూసే పని నాది. ముందు చూసేది రెండే: పంపినవాడి దగ్గర బ్యాంకు రుజువు ఉందా, కాపీ ఎవరికైనా వెళ్లిందా. తిట్లు, శాపాలు, యూట్యూబ్ బెదిరింపులు ఎవరూ చదవరు. అవి ఉన్న లేఖ నేరుగా లాయరు ఫైల్లోకి పోతుంది. కార్మికుడే మమ్మల్ని బెదిరిస్తున్నాడని చూపించడానికి దాన్నే వాడతారు.

తమ్ముడు గమనించాల్సిన అంకె ఒకటుంది. నవంబరు 22న వాళ్ల సొంత కరెంటు ఖాతాలో పడ్డవి 60,000. రసీదు 35,400. ఆ ఒక్క ఎంట్రీలోనే 24,600 తేడా ఉంది. దీనికి సబ్ ఏజెంటు అక్కర్లేదు, సాక్షి అక్కర్లేదు. నగదు గురించి వాళ్లు ఎంత బుకాయించినా ఈ 24,600 వాళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లోనే కూర్చుని ఉంటుంది. వీడియోలో అన్న చెప్పిన ముప్పై వేల మాట కూడా దీని ముందే వీగిపోతుంది, ఎందుకంటే వీడియో తీసే నాటికే వాళ్లకు అరవై వేలు ముట్టాయి.

అందుకని లేఖలో నెఫ్ట్ మొదట రావాలి. తర్వాత నగదు, చివర సబ్ ఏజెంటు ఫోన్‌పే. తేదీల వరసలో రాస్తే మొదటి లైనే సబ్ ఏజెంటుది అవుతుంది. "ఆ మనిషెవరో మాకు తెలియదు" అని అక్కడే మొదలుపెడతారు.

నిజామాబాద్_రవి

మరి లైసెన్సు కోసం ఏజెన్సీ సర్కారు తాన 50 లక్షల బ్యాంకు గ్యారంటీ పెడ్తది గదా? అందులకెల్లి ఇప్పిస్తరు. గది లేఖల రాయి.

దుబ్బాక_లాయరమ్మ

రవి గారూ, గ్యారంటీ ఉన్న మాట వాస్తవం. కానీ అది కార్మికుడు వెళ్లి తీసుకునే డిపాజిట్టు కాదు. షరతులు ఉల్లంఘిస్తే దాన్ని జప్తు చేసే అధికారం ప్రభుత్వానిది, అదీ విచారణ తర్వాత. లేఖలో దాని ప్రస్తావన పెట్టినా ఉపయోగం లేదు.

వాళ్లు నిజంగా భయపడేది రిజిస్ట్రేషన్ గురించి. ఎక్కువ వసూలు చేయడం ఎమిగ్రేషన్ చట్టం 24వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల దాకా జైలు ఉంది. జరిమానా మాత్రం రెండు వేల రూపాయలే, 1983లో రాసింది అలాగే ఉండిపోయింది. దానికెవరూ వణకరు. 14వ సెక్షన్ కింద సర్టిఫికెట్ సస్పెండైతే మాత్రం ఆ రోజు నుంచి ఒక్క మనిషినీ పంపలేరు. అయితే ఈ సంగతి వాళ్లకు తెలుసు. "లైసెన్సు రద్దు చేయిస్తాం" అని మనం రాయక్కర్లేదు. లేఖ చివర "ప్రతి: ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్, హైదరాబాద్" అన్న ఒక్క పంక్తి ఆ పని చేస్తుంది.

బెదిరింపు ఎందుకు తీసేయాలంటే, "డబ్బిస్తే కేసు పెట్టను, ఇవ్వకపోతే పెడతాను" అన్న ధోరణి మీ మీదే ఫిర్యాదుకు దారి ఇస్తుంది. "గడువులోగా చెల్లించనిచో చట్టప్రకారం అందుబాటులో ఉన్న చర్యలు తీసుకుంటాను" అంటే చాలు. "మోసం", "దోపిడీ" మాటలు కూడా వద్దు. అవి తేల్చాల్సింది కోర్టు. మీకు తెలిసిన నిజం ఇంత కట్టాం, ఇంతకే రసీదు వచ్చింది అన్నదే.

ఇంకొకటి. లేఖ తమ్ముడి పేరుతో ఉంది. డబ్బు కట్టిన ఖాతా, పాస్‌పోర్టు, కాంట్రాక్టు అన్నీ మీ అన్న పేరు మీదే ఉన్నాయి. లేఖ అన్న పేరుతోనే ఉండాలి. ఆయన అక్కడే ప్రింటు తీసి సంతకం పెట్టి స్కాన్ పంపితే, దాన్ని ఇక్కడ ప్రింటు తీసి పోస్టు చేయొచ్చు. అదే పీడీఎఫ్ ఆయన తన ఈమెయిల్ నుంచి ఏజెన్సీకి కూడా పంపాలి. రేపు కోర్టు ఫిర్యాదు దాకా వెళ్తే చట్టం 27వ సెక్షన్ కార్మికుడి తరఫున తల్లి, తండ్రి, భార్య, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వేయవచ్చని చెబుతోంది. అప్పుడు మీ పేరు పనికొస్తుంది. ఈ లేఖకు మాత్రం కాదు.

జగిత్యాల_తమ్ముడు

మంచిది మేడం. ఓవర్‌టైం సంగతి, రూము సంగతి తీసెయ్యాల్నా? అది గూడ అన్యాయమే గద.

కాగితాల_మూర్తి

అన్యాయమే, కానీ ఈ లేఖలో కాదు. ఓవర్‌టైం బాకీ కంపెనీది. దానికి విదేశాల్లో ఉన్న మనవాళ్ల ఫిర్యాదులు తీసుకునే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్, రియాద్‌లోని మన రాయబార కార్యాలయం, సౌదీ కార్మిక శాఖ ఉన్నాయి. రెండూ కలిపితే ఏజెన్సీ సులభమైనదానికి జవాబిస్తుంది: "ఓవర్‌టైం విషయం కంపెనీతో మాట్లాడాం, సర్దుకుంటారు." డబ్బు ప్రశ్నకు జవాబు రాదు, లేఖకు జవాబిచ్చినట్టు రికార్డు మాత్రం అవుతుంది. పైగా అన్న ఇంకా అక్కడే ఉన్నాడు. కంపెనీ మీద ఆరోపణ ఏజెన్సీకి రాస్తే అది సాయంత్రానికి దమ్మాం సూపర్‌వైజరు ఫోన్‌కు చేరుతుంది. అప్పు సంగతి, బంగారం కుదువ సంగతి కూడా దీనమైన మాటగా వద్దు. రుజువుగా అయితే కావాలి. ఆ బంగారం ఎప్పుడు పెట్టారు?

జగిత్యాల_తమ్ముడు

డిసెంబరు 13న. బ్యాంకుల 45,000 లోన్ తీసుకున్నం. తెల్లారే 40,000 ఆఫీసుల కట్టినం. ఇంకా 12వ తారీఖున ఏజెన్సీ నంబరు నుంచే వాట్సాప్ వచ్చింది: "బ్యాలెన్స్ 40 తీసుకొని 14న రండి, టికెట్ రెడీ." అది అన్న ఫోన్ల ఉన్నది.

ఖాతాల_బాబు

ఇది ముందే చెప్పాల్సింది తమ్ముడూ! నగదుకు దీనికంటే మంచి గొలుసు దొరకదు. 12న మెసేజీ, 13న గోల్డ్ లోన్, 14న రసీదు. ఆ మెసేజీ ఇంకో పని కూడా చేస్తుంది. "బ్యాలెన్స్" అన్న మాట వాడారంటే అంతకుముందు కొంత ముట్టిందని వాళ్లే ఒప్పుకున్నట్టు. ముట్టిన 60,000 పరిమితి దాటాక ఇంకా బ్యాలెన్స్ ఏమిటన్నది వాళ్లు చెప్పుకోవాలి.

స్క్రీన్‌షాట్ ఒక్కటే తీయకండి. ఆ నంబరు, తేదీ, ముందు వెనక మెసేజీలు కనపడేలా తీయండి. చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి ఈమెయిల్‌లో దాచండి. అన్న ఫోన్ మారుస్తే పాతది పారేయొద్దని చెప్పండి.

దుబ్బాక_లాయరమ్మ

అవును, కోర్టు దాకా పోతే ఆ ఫోన్ కావాలి. ఎలక్ట్రానిక్ రుజువుకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ అడుగుతారు. ఇప్పుడు లేఖకు కాపీ చాలు. అసలు కాగితాలు ఏవీ ఏజెన్సీకి ఇవ్వకండి. "ఒరిజినల్ రసీదు తెండి, చూసి సెటిల్ చేస్తాం" అని పిలుస్తారు. తీసుకెళ్లాక ఆ రసీదు తిరిగి చేతికి రాదు.

కాగితాల_మూర్తి

ఇప్పుడు అంకె. 1,20,000లో 35,400 తీసేస్తే 84,600. అడగాల్సింది ఇదే.

వాళ్లు తగ్గించడానికి చూపించే దారులు మామూలుగా మూడు. టికెట్టు అంటారు. కాంట్రాక్టులో కంపెనీదే అని ఉంది కాబట్టి ఆ క్లాజు నంబరు లేఖలో రాసేస్తే అది ముందే మూసుకుపోతుంది. వీసా స్టాంపింగ్ అంటారు. దానికీ అదే క్లాజు. మూడోది ఇన్సూరెన్సు. ప్రవాసీ భారతీయ బీమా యోజనకు రెండేళ్ల ప్రీమియం 275 రూపాయలు, దానిపైన పన్ను. పాలసీ కాగితం చూపిస్తే ఆ కాస్త తగ్గించుకోమనండి, దాని దగ్గర పోట్లాడితే మనమే చిన్నబోతాం. ఇవి కాక "ఇతర ఖర్చులు" అని ఏదైనా అంటే బిల్లు, తేదీ, ఎవరికి కట్టారో అడగాలి. బిల్లు లేని ఖర్చును ఒప్పుకోనని లేఖలోనే ఒక వాక్యం ఉండాలి.

నిజామాబాద్_రవి

జీఎస్టీ 5,400 ఎందుకు వదలాలె సార్? ఆ రసీదు మీద జీఎస్టీ నంబరు లేకపోతే వాళ్లు సర్కారుకు కట్టినట్టా? 90,000 అడగాలె.

ఖాతాల_బాబు

ఇది మంచి ప్రశ్న. రసీదు మీద పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు, ఇన్వాయిస్ నంబరు, 30,000 విడిగా 5,400 విడిగా ఉన్నాయా? ఉంటే పోర్టల్‌లో ఆ నంబరు వెతికి చూడొచ్చు. ఆ ఏజెన్సీ పేరే వస్తే 5,400 వదిలేయాలి. నంబరే లేకపోతే రవి గారి వాదనలో బలం ఉంది.

జగిత్యాల_తమ్ముడు

చూసిన. ఉత్త "రిసీవ్డ్ 35,400" అని ఉన్నది. స్టాంపు, సంతకం ఉన్నయి. జీఎస్టీ నంబరు లేదు.

దుబ్బాక_లాయరమ్మ

నంబరు లేకున్నా నేను 84,600 దగ్గరే ఉండమంటాను. అంకె ఎంత వివాదం లేకుండా ఉంటే అంత మంచిది. 5,400 కోసం ఒక పన్ను ప్రశ్న తెరిస్తే ఏజెన్సీకి నెల రోజులు నాన్చడానికి సాకు దొరుకుతుంది.

ఖాతాల_బాబు

మేడం, నేను ఒప్పుకోను. పన్ను ఇన్వాయిస్ ఇవ్వకుండా పన్ను పేరుతో డబ్బు ఉంచుకోవడం ఏజెన్సీకి ఇంకా ఇబ్బందికరమైన విషయం. "జీఎస్టీ ఇన్వాయిస్ ఇవ్వండి, లేదా 5,400 కూడా తిరిగివ్వండి" అని ఒక లైను పెడితే, చాలాసార్లు ఆ లైనే మిగతా డబ్బును కదిలిస్తుంది. ఇన్వాయిస్ ఇవ్వాలంటే పాత తేదీతో రిటర్నులు సవరించాలి. ఎవరికీ ఇష్టం ఉండదు.

కాగితాల_మూర్తి

ఇద్దరి మాటా కుదిరేలా రాస్తాను. ప్రధాన డిమాండు 84,600. ఇన్వాయిస్ విషయం విడి పేరాలో. తమ్ముడూ, అది ఉంచాలా తీసేయాలా అన్నది అన్ననే తేల్చుకోమను.

చిరునామా సంగతి మరవొద్దు. రసీదు మీది పేరు, బోర్డు మీది పేరు, రిజిస్ట్రేషన్ మీది పేరు మూడూ ఒకటి కాకపోవచ్చు. `emigrate.gov.in`లో రిజిస్టరైన ఏజెంట్ల జాబితాలో వెతికి, అక్కడున్న పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు అంటే ఆర్‌సీ నంబరు అక్షరం పొల్లుపోకుండా రాయండి. స్టేటస్ యాక్టివ్‌గా ఉందో లేదో కూడా అక్కడే కనపడుతుంది. నెఫ్ట్ అయిన ఖాతా పేరుతో అది సరిపోలితే సగం పని అయినట్టే.

లేఖ ఇదిగో. ఖాళీలు నింపుకోండి.

> తేదీ: …………
>
> నుండి: (కార్మికుని పూర్తి పేరు, పాస్‌పోర్టులో ఉన్నట్టు), పాస్‌పోర్టు నం. …………, ప్రస్తుతం దమ్మాం, సౌదీ అరేబియా. స్వస్థలం: …………, జగిత్యాల జిల్లా, తెలంగాణ. ఫోన్, ఈమెయిల్: …………
>
> వారికి: (రిజిస్ట్రేషన్‌లో ఉన్న పేరు, చిరునామా), ఆర్‌సీ నం. …………
>
> విషయం: 25వ రూలు పరిమితికి మించి వసూలు చేసిన రూ. 84,600 వాపసు గురించి.
>
> అయ్యా,
>
> మీ ఏజెన్సీ ద్వారా నేను స్కాఫోల్డింగ్ హెల్పర్‌గా ఎంపికై, 15-12-2024న దమ్మాం చేరాను. యజమాని: …………. వీసా నం. …………. కాంట్రాక్టు రెండేళ్లు.
>
> ఈ నియామకానికి నేను మీకు చెల్లించిన సొమ్ము:
>
> 1. 22-11-2024: రూ. 60,000, నా బ్యాంకు ఖాతా నుండి మీ కరెంటు ఖాతాకు నెఫ్ట్, యూటీఆర్ నం. …………. (జత 1: నా బ్యాంకు స్టేట్‌మెంట్)
> 2. 14-12-2024: రూ. 40,000 నగదు, మీ కార్యాలయంలో. ఈ మొత్తం తీసుకురమ్మని 12-12-2024న మీ ఫోన్ నంబరు నుండి నాకు సందేశం వచ్చింది. 13-12-2024న బంగారు రుణం తీసుకుని ఈ మొత్తం చెల్లించాను. (జత 2, 3)
> 3. 18-10-2024: రూ. 20,000, మీ తరఫున నా పాస్‌పోర్టు తీసుకుని మీకు అందజేసిన వ్యక్తికి ఫోన్‌పే ద్వారా, లావాదేవీ నం. …………. (జత 4)
>
> మొత్తం రూ. 1,20,000. మీరు ఇచ్చిన రసీదు రూ. 35,400కు మాత్రమే. (జత 5)
>
> ఎమిగ్రేషన్ రూల్స్ 1983, 25వ రూలు ప్రకారం సర్వీసు చార్జీ పరిమితి రూ. 30,000, దానిపై జీఎస్టీ. ఆ మేరకు రూ. 35,400 మినహాయించగా రూ. 84,600 అదనంగా వసూలైంది. మీ ఖాతాలో నేరుగా జమైన రూ. 60,000ను మాత్రమే లెక్కలోకి తీసుకున్నా రూ. 24,600 అదనమే.
>
> కాంట్రాక్టు ……వ క్లాజు ప్రకారం విమాన టికెట్టు, వీసా ఖర్చులు యజమానివి. అవి నా నుండి వసూలు చేయదగినవి కావు. నా తరఫున మరే ఖర్చు పెట్టినట్టు మీరు భావిస్తే, తేదీ, చెల్లింపు పొందినవారి పేరుతో బిల్లు పంపండి. బిల్లు లేని ఖర్చును అంగీకరించను.
>
> ప్రయాణానికి ముందు మీ కార్యాలయంలో, రూ. 30,000 మాత్రమే చెల్లించినట్టు నాతో చెప్పించి వీడియో తీశారు. ఆ నాటికే మీ ఖాతాలో రూ. 60,000 జమై ఉన్న విషయం జత 1లో ఉంది.
>
> రూ. 35,400 రసీదుపై జీఎస్టీ నంబరు లేదు. దానికి పన్ను ఇన్వాయిస్ ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.
>
> ఈ లేఖ అందిన 15 రోజులలోపు రూ. 84,600ను కింది నా బ్యాంకు ఖాతాలో జమ చేయగలరు: (పేరు, ఖాతా నం., ఐఎఫ్ఎస్‌సీ). నగదుగా గానీ వేరొకరి ద్వారా గానీ స్వీకరించను. గడువులోగా చెల్లించనిచో చట్టప్రకారం అందుబాటులో ఉన్న చర్యలు తీసుకుంటాను.
>
> (సంతకం)
>
> జతలు: 5 (అన్నీ నకళ్లు)
> ప్రతి: ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్, హైదరాబాద్

దుబ్బాక_లాయరమ్మ

బాగుంది. వీడియో సంగతి మనమే చెప్పడం కొందరికి నచ్చకపోవచ్చు. కానీ దాచితే వాళ్లు దాన్ని తురుపుముక్కలా బయటకు తీస్తారు. ముందే పెట్టి, పక్కనే 60,000 పెట్టడం మేలు. ఒక షరతు: అన్న నిజంగా ఆ మాటలే అన్నాడా, కాగితం మీద సంతకం కూడా పెట్టాడా అన్నది ఆయన్ని మళ్లీ అడిగి, ఉన్నదున్నట్టు రాయాలి.

మూడో చెల్లింపు వాక్యం కూడా బాగా కుదిరింది. "సబ్ ఏజెంటు" అని రాయకుండా "పాస్‌పోర్టు మీకు అందజేసిన వ్యక్తి" అన్నారు. చట్టంలో సబ్ ఏజెంటు అనే వ్యవస్థకు గుర్తింపు లేదు కాబట్టి వాళ్లు ఆ మనిషిని మావాడే అని ఒప్పుకోరు. అయితే పాస్‌పోర్టు ఎలా చేరిందన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పాలి. ఆ 20,000 మూడింటిలో బలహీనం. రాజీ అంటూ వస్తే మొదట కోత పడేది అక్కడే.

గడువులు చెప్తాను. డబ్బు కట్టిన తేదీ నుంచి లెక్కేసుకుంటే వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లు, సివిల్ దావాకు మూడేళ్లు. నవంబరు 22 చెల్లింపుకు రెండేళ్లు 2026 నవంబరుతో అయిపోతాయి. లేఖలు రాసుకుంటూ కూర్చుంటే గడువు పెరగదు. కమిషన్‌లో చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు ఉండదు.

నిజామాబాద్_రవి

కాపీ ప్రొటెక్టర్ ఆఫీసుకు ఇప్పుడే పంపుడెందుకు? మొదలు ఏజెన్సీకే రాస్తే ఇజ్జత్ కాపాడుకునేందుకన్న ఇస్తరేమో. కాపీ పోయినంక "ఎట్లయిన కేసు అయింది, ఇగ ఇయ్యం" అంటరు.

ఖాతాల_బాబు

రవి గారి మాటలో అనుభవం ఉంది. చిన్న ఏజెన్సీలు కాపీ చూసి బిగుసుకుపోవడం కూడా ఉంటుంది. పెద్దవి కాపీ చూస్తేనే కదులుతాయి. ఈ ఏజెన్సీ ఏడాదికి ఎంతమందిని పంపుతుందో తెలియకుండా ఏది మేలో చెప్పలేను.

కాగితాల_మూర్తి

నేనైతే కాపీ పెట్టమనే చెప్తాను, అన్న ఇంకా అక్కడే ఉన్నాడు కాబట్టి. రేపు కంపెనీ ద్వారా ఒత్తిడి తెస్తే, లేఖ ఫలానా తేదీన ప్రభుత్వ ఆఫీసుకూ వెళ్లిందన్న రికార్డు ఆయనకు రక్షణ. అయినా నిర్ణయం మీ అన్నదే. ఆయన వద్దంటే ఆ పంక్తి తీసేసి, 15 రోజుల తర్వాత ఈమైగ్రేట్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టి ఇదే లేఖ జత చేయండి. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ 1800-11-3090 కూడా ఉంది.

పంపడం స్పీడ్ పోస్టులో, డెలివరీ రుజువు అడిగి. కౌంటరు రసీదు, ట్రాకింగ్ పేజీ ప్రింటు లేఖ కాపీకి పిన్ను కొట్టి ఉంచండి. కవరు మీద చిరునామా పోర్టల్‌లో ఉన్నదే రాస్తే "తలుపు తాళం" అని తిరిగొచ్చినా ఆ కవరు పనికొస్తుంది. దాన్ని తెరవకండి.

ఖాతాల_బాబు

డబ్బు ఇవ్వడానికి ఒప్పుకుంటే ఇంకో మెలిక పెడతారు. ముందు "నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఫుల్ అండ్ ఫైనల్" అని సంతకం పెట్టమంటారు, మళ్లీ వీడియో అంటారు. జమ అయ్యేదాకా ఏదీ ఇవ్వొద్దు. అయ్యాక కూడా "అదనపు వసూలు కింద రూ. ఇంత ఫలానా తేదీన నా ఖాతాలో జమైంది" అన్నంత వరకే రాయండి. సగమే వస్తే సగం అని రాయండి. అన్న ఓవర్‌టైం బాకీని కూడా ఆ "ఫుల్ అండ్ ఫైనల్"లో కలిపేసే కాగితాలు ఉంటాయి, చదవకుండా సంతకం వద్దు.

జగిత్యాల_తమ్ముడు

అందరికీ దండాలు. అన్నకు లేఖ పంపిన. వీడియోతోని కాగితం మీద గూడ సంతకం పెట్టిన అంటున్నడు, తెల్లకాగితం కాదు, ఇంగ్లీషుల ఏదో టైపు చేసి ఉండెనట. కాపీ ఇయ్యలే. గది లేఖల ఎట్ల రాయాలె?

దుబ్బాక_లాయరమ్మ

వీడియో పేరా చివర ఒక్క వాక్యం కలపండి: "అదే రోజు ఇంగ్లీషులో టైపు చేసిన ఒక పత్రంపై నా సంతకం తీసుకున్నారు. అందులోని విషయం నాకు చదివి వినిపించలేదు. దాని నకలు పంపగలరు." చదివి వినిపించలేదన్నది నిజమైతేనే రాయండి. నకలు పంపితే అందులో ఏముందో మనకు తెలుస్తుంది. పంపకపోతే అడిగినా ఇవ్వలేదని రికార్డు ఉంటుంది.

సీమ_రాజు

విడిగా ఇంకో పోస్టు పెట్టినా సామీ, మూర్తి గారూ కాస్త అక్కడికి రండి.